తీరప్రాంత కాంక్రీటు మన్నిక క్లాజు: ఆర్‌సీపీటీ హద్దు ఎలా రాస్తే నిలబడుతుంది?

తీరరేఖ రాశారు:

ఒక జెట్టీకి స్పెసిఫికేషన్ రాస్తున్నాను. పైల్స్, పైల్ క్యాపులు, బీములు, పైన డెక్ స్లాబు. మన్నిక గురించి ప్రస్తుతం నా డ్రాఫ్టులో ఉన్న క్లాజు ఇది:

"కాంక్రీటు గ్రేడు ఎం35. సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటు వాడాలి. సిమెంటు ఘనపు మీటరుకు 400 కిలోలకు తగ్గరాదు. వాటర్ సిమెంట్ రేషియో 0.40 మించరాదు. 28 రోజులకు ఆర్‌సీపీటీ 1,000 కూలూంబులు మించరాదు. కాంక్రీటు సముద్ర వాతావరణాన్ని తట్టుకునేలా మన్నికగా ఉండాలి."

ప్రీ-బిడ్‌లో రెండు ప్రశ్నలొచ్చాయి. ఒకటి, 50 శాతం స్లాగ్ మిక్స్ ఇస్తామంటున్నారు, కానీ ఉప్పు చొరబాటును అంచనా వేసే ఆర్‌సీపీటీ పరీక్షలో 28 రోజులకు 1,000 లోపు రాదంటున్నారు. రెండోది, రిజల్టు 1,150 వస్తే ఏం చేస్తారని అడిగారు. రెండోదానికి నా క్లాజులో జవాబే లేదు. ఎక్కడెక్కడ మార్చాలో చెప్పండి.

---

మిక్స్‌మేస్త్రి రాశారు:

ముందు ఆఖరి వాక్యం కొట్టేయండి. "తట్టుకునేలా మన్నికగా" అన్నదాన్ని ఎవరూ కొలవలేరు. కొలవలేనిది క్లాజులో ఉంటే గొడవ వచ్చిన రోజు అది ఇద్దరికీ పనికొస్తుంది, అంటే ఎవరికీ పనికిరాదు.

తర్వాత, జెట్టీ మొత్తానికి ఒకే క్లాజు చాలదు. ఐఎస్ 456 ప్రకారం చూసినా ఆటుపోట్ల జోన్‌లో ఉండేది ఎక్స్‌ట్రీమ్, ఉప్పునీటి తుంపర పడేది వెరీ సివియర్, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండేది సివియర్. ఎక్స్‌ట్రీమ్‌కు ఎం40, 0.40, 360 కిలోలు. వెరీ సివియర్‌కు ఎం35, 0.45, 340 కిలోలు. ఈఎన్ 206 పద్ధతిలో ఆటుపోట్లు, తుంపర రెండూ కలిపి ఎక్స్‌ఎస్3 కిందికి వస్తాయి. ఏ కోడ్ పట్టుకున్నా సరే, డ్రాయింగులో ఏ లెవెల్ నుంచి ఏ లెవెల్ దాకా ఏ జోనో గీత గీసి చూపించాలి. అది లేకపోతే పైల్ క్యాపు కింది అంచు ఏ జోన్‌లోకి వస్తుందో సైట్‌లో ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు.

మునిగి ఉన్న భాగంలోకి కూడా ఉప్పు వెళుతుంది. కానీ అక్కడ ఆక్సిజన్ అందదు కాబట్టి కమ్మీ తుప్పు నెమ్మదిగా సాగుతుంది. తడిసి, ఆరి, మళ్లీ తడిసే చోటే అసలు నష్టం. డబ్బు, శ్రద్ధ అక్కడ పెట్టండి.

ఇక ఎం35, 0.40 జోడీ. దీన్ని తప్పకుండా మార్చాలి. 0.40 తో సరిగ్గా చేసిన కాంక్రీటు మామూలుగా ఎం35 కి కావలసినదానికన్నా చాలా ఎక్కువ బలం ఇస్తుంది. అంటే సైట్‌లో 400 కిలోల బైండర్‌కు 160 లీటర్ల బదులు 180 లీటర్లు పడ్డా, రేషియో 0.45 కి పోయినా, క్యూబులు హాయిగా పాసవుతాయి. రోజూ పరీక్షించేది క్యూబునే. కాబట్టి మీరు రాసిన 0.40 ని కాపలా కాసేవాళ్లు లేరు. ట్రయల్ మిక్స్‌లో 0.40 కి ఎంత బలం వస్తుందో చూసి, గ్రేడును దానికి దగ్గరగా పెట్టండి. ఆటుపోట్ల జోన్‌కు ఎం40 ఎలాగూ కనీసం. నీళ్లు ఎక్కువైతే క్యూబు ఫెయిలయ్యేలా ఉండాలి, అప్పుడే క్యూబు మీ తరఫున పనిచేస్తుంది.

---

ఉప్పుగాలి రాశారు:

మిగతావన్నీ మార్చినా సరే కానీ సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటు, అంటే ఎస్‌ఆర్‌సీ, మాత్రం తీయకండి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. అంత సల్ఫేటు నేలలో కనిపిస్తే ఎవరైనా వెంటనే ఎస్‌ఆర్‌సీ రాస్తారు కదా. సముద్రానికి ఎందుకు వద్దు?

---

బంకమన్ను రాశారు:

@ఉప్పుగాలి గారూ, సల్ఫేటు లెక్క నిజమే. కానీ అదే లీటరులో దాదాపు 19 గ్రాముల క్లోరైడు కూడా ఉంది. క్లోరైడు ఉన్నచోట సల్ఫేటు వల్ల వచ్చే ఉబ్బు తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ ఉబ్బు తెచ్చే ఎట్రింజైట్ క్లోరైడు ద్రావణంలో ఎక్కువ కరుగుతుంది. అందుకే అంతే సల్ఫేటు ఉన్న భూగర్భజలం చేసినంత చెడుపు సముద్రపు నీరు చేయదు.

మరోవైపు, ఎస్‌ఆర్‌సీలో తగ్గించేది సిమెంటులోని సీ3ఏ అనే సమ్మేళనాన్ని. లోపలికి వచ్చిన క్లోరైడులో కొంత భాగాన్ని పట్టి బంధించేది కూడా ఆ సీ3ఏనే. అది తగ్గితే స్వేచ్ఛగా తిరిగే క్లోరైడు పెరిగి కమ్మీ దగ్గరికి త్వరగా చేరుతుంది. జెట్టీని దెబ్బతీసేది కమ్మీ తుప్పే కాబట్టి, తక్కువ ప్రమాదాన్ని ఆపబోయి పెద్ద ప్రమాదానికి దారి ఇచ్చినట్టవుతుంది. స్లాగ్ ఎక్కువ శాతంలో వాడితే సల్ఫేటుకూ క్లోరైడుకూ రెండింటికీ పనిచేస్తుంది.

మీ మాట వర్తించే చోటు ఒకటుంది. ఒడ్డు వైపు అబట్‌మెంటు పునాది సల్ఫేటు ఎక్కువున్న మట్టిలో ఉంటే దాని లెక్క వేరు. మట్టి, నీటి పరీక్షలు చూసుకుని ఆ భాగానికి విడిగా క్లాజు రాయాలి.

---

ఉప్పుగాలి రాశారు:

క్లోరైడు పట్టుకునే సంగతి ఒప్పుకుంటాను. కానీ చాలా పాత స్పెసిఫికేషన్లలో సముద్రం అనగానే ఎస్‌ఆర్‌సీ అని ఉంటుంది. రివ్యూ చేసేవాళ్లు అడిగితే ఏం చూపిస్తారు?

---

మిక్స్‌మేస్త్రి రాశారు:

ఐఎస్ 456 లో సముద్రపు నీటి కాంక్రీటు గురించి చెప్పిన చోట స్లాగ్ సిమెంటు, పోజొలానా సిమెంటు వాడటం మేలని రాసే ఉంది. అదే చూపించండి.

---

పెచ్చులు రాశారు:

నమస్కారమండీ. మా భవనం సముద్రానికి దగ్గర. బాల్కనీ స్లాబు అడుగున పెచ్చులు ఊడి కమ్మీ కనిపిస్తోంది. మీరు చెప్పే ఈ స్లాగ్ కాంక్రీటుతో ప్యాచ్ వేయిస్తే సరిపోతుందా?

---

బంకమన్ను రాశారు:

@పెచ్చులు గారూ, ఇక్కడ నడుస్తున్నది కొత్త కాంక్రీటు క్లాజు గురించి. మీది రిపేరు, దాని దారి వేరు. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఊడిన చోటే ప్యాచ్ వేస్తే, చుట్టూ ఉప్పు పట్టిన పాత కాంక్రీటులో కమ్మీ త్వరలోనే తుప్పు మొదలెడుతుంది. ముందు లోతు వారీగా పొడి తీయించి క్లోరైడు పరీక్ష చేయించండి, ఎంతవరకు కొట్టేయాలో అది చెబుతుంది. స్లాబు బలం గురించి స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించే వరకు బాల్కనీ మీద బరువులు పెట్టకండి. కొత్త థ్రెడ్ తెరిస్తే అక్కడ వివరంగా మాట్లాడుకుందాం.

---

కూలూంబు రాశారు:

అసలు ప్రశ్నకు వస్తాను. ల్యాబ్ వైపు నుంచి చెబుతున్నాను.

ఆర్‌సీపీటీ అంటే 100 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. మందం బిళ్లకు 60 వోల్టులు ఆరు గంటలు ఇచ్చి ఎంత కరెంటు పారిందో లెక్కపెట్టడం. లోపలికి వెళ్లిన క్లోరైడును అది నేరుగా కొలవదు. ఏఎస్‌టీఎం సీ 1202 పట్టికలో 1,000 నుంచి 2,000 వరకు "తక్కువ", 100 నుంచి 1,000 వరకు "చాలా తక్కువ". మీరు 1,000 రాశారంటే "చాలా తక్కువ" అడుగుతున్నారు. అది అడగదగ్గదే, కానీ ఎన్ని రోజులకు అన్నది రాసే విధానంలోనే అంతా ఉంది.

స్లాగ్, ఫ్లైయాష్ మెల్లగా పనిచేస్తాయి. 28 రోజులకు 1,000 అంటే కాంట్రాక్టరు ఏం చేస్తాడు? మెల్లగా గట్టిపడే మంచి మిక్స్ వదిలేసి, సిమెంటు పెంచి సిలికా ఫ్యూమ్ వేసి తొందరగా అంకె తెచ్చుకుంటాడు. పైల్ క్యాపు లాంటి మందపాటి ముద్దలో అది వేడి పెంచి పగుళ్లు తెస్తుంది. పగులు వచ్చాక బిళ్లలో 700 కూలూంబులు వచ్చినా ఒరిగేదేమీ లేదు, ఉప్పునీరు పగులు గుండా కమ్మీకి చేరుతుంది.

రెండు దారులున్నాయి. ఒకటి, వయసు 56 లేదా 90 రోజులకు మార్చడం. రెండోది, అదే ప్రమాణంలో ఉన్న వేగవంతమైన క్యూరింగ్: 7 రోజులు మామూలు తేమలో ఉంచి, తర్వాత 21 రోజులు 38 డిగ్రీల సెల్సియస్ నీటిలో ఉంచడం. ఇలా చేస్తే స్లాగ్ మిక్స్ ముందుముందు చేరబోయే స్థితి 28 రోజులకే చాలావరకు తెలిసిపోతుంది. ఏ పద్ధతో క్లాజులో రాయకపోతే ఒక ల్యాబ్ ఒకలా, ఇంకో ల్యాబ్ ఇంకోలా చేస్తాయి, రెండు రిజల్టులకూ పొంతన ఉండదు.

ఇంకో సంగతి. మిక్స్‌లో కాల్షియం నైట్రైట్ ఇన్‌హిబిటర్ ఉంటే ఆర్‌సీపీటీ అంకె ఉత్తినే పెరుగుతుంది, కాంక్రీటు చెడ్డదని కాదు. స్టీల్ ఫైబర్ ఉన్నా అంతే. ఇన్‌హిబిటర్ అడిగే పనైతే ఆ భాగానికి ఈ పరీక్షను ఆధారం చేసుకోకండి.

---

పైల్‌రిగ్ రాశారు:

సైట్ నుంచి ఒక కేసు. 50 శాతం స్లాగ్, మొత్తం బైండర్ 400 కిలోలు, రేషియో 0.40. నీటిలో మామూలు క్యూరింగ్‌లో 28 రోజులకు 2,100, 56 రోజులకు 1,150, 90 రోజులకు 780 వచ్చింది. కాంట్రాక్టులో 56 రోజులకు 1,000 అని ఉంది. కాంక్రీటు ఫెయిల్ అని లెటరొచ్చింది. అప్పటికి పైన బీములు కూడా పోసేశాం. ఇప్పుడు పైల్ క్యాపులు కొట్టేయమంటారా?

---

కూలూంబు రాశారు:

ఇదే @తీరరేఖ గారి రెండో ప్రశ్న. 1,150 అన్నది ఒక బిళ్ల రిజల్టా, మూడింటి సగటా? ఈ పరీక్షలో ఒకే చేతి మీద చేసినా కోఎఫిషెంట్ ఆఫ్ వేరియేషన్ దాదాపు 12 శాతం ఉంటుంది, ల్యాబ్ మారితే 18 శాతం. కాబట్టి 1,000 దగ్గర కత్తితో కోసినట్టు పాస్, ఫెయిల్ అనడం ఈ పరీక్షకు మించిన పని. క్లాజు ఇలా రాయొచ్చు:

"ప్రతి శాంపిలుకు మూడు బిళ్లలు పరీక్షించాలి. మూడింటి సగటు 1,000 కూలూంబులు మించరాదు. ఏ ఒక్కటీ 1,300 మించరాదు. సగటు 1,000 కి 1,300 కి మధ్య వస్తే అదే పోతకు చెందిన నిల్వ స్పెసిమెన్లను 90 రోజులకు పరీక్షించి ఆ ఫలితాన్ని అంతిమంగా తీసుకోవాలి."

1,300 నేను ఎంచుకున్న అంకె, ఏ కోడ్‌లోనూ లేదు. ట్రయల్ మిక్స్ ఫలితాలు ఎంత చెదురుతున్నాయో చూసి మీరు మార్చుకోండి. నిల్వ స్పెసిమెన్లు పోత రోజే తీసి పెట్టాలన్నది మాత్రం మరిచిపోవద్దు. అవి లేకపోతే తర్వాత నిర్మాణంలోంచి కోర్లు తీయాలి, ఉప్పు జోన్‌లో కోరు తీసిన రంధ్రం పూడ్చడం మళ్లీ ఇంకో తలనొప్పి.

ఈ క్లాజు ఉండి ఉంటే @పైల్‌రిగ్ గారి 1,150 సగటు 90 రోజుల దాకా ఆగేది, 780 తో తేలిపోయేది.

---

మిక్స్‌మేస్త్రి రాశారు:

దీనికి నేను ఒకటి కలుపుతాను. 56 రోజులు, 90 రోజులు ఆగే పరీక్షను రోజువారీ పోతకు కాపలా పెట్టడమే కుదరదు. ఫలితం వచ్చేలోపు దాని మీద రెండు అంతస్తుల పని అయిపోతుంది. ఆ పరీక్షను పని మొదలయ్యే ముందు మిక్స్‌ను ఆమోదించడానికి వాడండి. అక్కడ వీలైతే ఎన్‌టీ బిల్డ్ 492 కూడా అడగండి. అందులో బిళ్లను చీల్చి సిల్వర్ నైట్రేటు చల్లి క్లోరైడు ఎంత లోతు వెళ్లిందో నేరుగా చూస్తారు.

ఆమోదం అయ్యాక సైట్‌లో చూడాల్సింది ఆ మిక్స్ మారలేదని. అందుకు క్యూబు బలం, బ్యాచ్ ప్రింటవుట్, ఇసుక తేమ. ఈ మూడోదాన్ని చాలా క్లాజులు వదిలేస్తాయి. ఘనపు మీటరుకు 750 కిలోల ఇసుక, అందులో అదనపు తేమ 2 శాతం అనుకుందాం. అంటే 15 లీటర్లు. బ్యాచింగులో దాన్ని తగ్గించకపోతే 160 బదులు 175 లీటర్లు పడుతుంది, రేషియో 0.40 నుంచి 0.44 కి పోతుంది. ప్రింటవుట్‌లో మాత్రం 160 అనే ఉంటుంది. అందుకే క్లాజులో "నీరు" అంటే ఏమిటో రాయండి: ప్లాంటులో పోసిన నీరు, కంకర ఇసుకల పైతేమ, మందుల్లోని నీరు అన్నీ కలిపి. వాన పడ్డాక, ఇసుక కొత్త లోడు వచ్చాక తేమ మళ్లీ కొలవాలని కూడా రాయండి. "సిమెంట్" అన్నచోట "మొత్తం బైండర్" అని మార్చండి, లేకపోతే 50 శాతం స్లాగ్ మిక్స్‌కు 400 కిలోల సిమెంటు విడిగా కావాలని ఎవరో ఒకరు వాదిస్తారు.

---

కవర్‌బ్లాకు రాశారు:

ఇంతసేపూ మిక్స్ గురించే మాట్లాడారు. కవర్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఉప్పు లోపలికి వెళ్లే కాలం కవర్ మందం వర్గానికి దగ్గరగా పెరుగుతుంది. 50 మి.మీ. అనుకున్నచోట 40 వస్తే మిగిలేది 0.8 వర్గం, అంటే 64 శాతం కాలమే. స్లాగ్ కాంక్రీటు కాలంతో పాటు బిగుసుకుంటుంది కాబట్టి అందులో ఈ నష్టం ఇంకా ఎక్కువ. ఆర్‌సీపీటీ 1,150 కి లెటర్లు రాసేవాళ్లు 10 మి.మీ. కవర్ పోతే చూడరు.

కవర్ అంకె రాసేటప్పుడు రెండు కోడ్‌లు కలపకండి. ఐఎస్ 456 లో నామినల్ కవర్ మీద టాలరెన్సు ప్లస్ 10, మైనస్ సున్నా. అంటే అది తగ్గకూడని అంకె. యూరోకోడ్‌లో నామినల్ అంటే కనీస కవర్‌కు, మామూలుగా 10 మి.మీ., తేడా కలిపిన అంకె. ఒకదాని అంకె తీసుకుని రెండోదాని టాలరెన్సు రాస్తే 10 మి.మీ. గాల్లో కలిసిపోతుంది. నేనైతే ఒకే వాక్యం రాస్తాను: "అన్ని కమ్మీలకూ, స్టిరప్పులతో సహా, ఎక్కడ కొలిచినా కవర్ ఇంతకు తగ్గరాదు."

షట్టరింగ్ తీసిన వారంలోపు కవర్‌మీటరుతో కొలిచి, ముఖాల వారీగా రిపోర్టు ఇవ్వాలని పెట్టండి. పెద్ద పనికాదు. కవర్ బ్లాకులు సైట్‌లో మిగిలిన మోర్టారుతో పోస్తే ఆ బ్లాకే ఉప్పుకు దారి. చుట్టూ ఉన్న కాంక్రీటుకు తీసిపోని బ్లాకు అయ్యుండాలి. కట్టుతీగ కొసలు లోపలికి వంచాలి, బయటికి పొడుచుకున్న తీగ ముందు తుప్పు పట్టి మరక చూపిస్తుంది.

---

పైల్‌రిగ్ రాశారు:

క్యూరింగ్ సంగతి కూడా రాయండి దయచేసి. ల్యాబ్ బిళ్ల నీటిలో మునిగి 56 రోజులు ఉంటుంది. సైట్‌లో బీముకు గోనె రెండు రోజులు కప్పి తీసేస్తారు. స్లాగ్ కాంక్రీటు ఈ నిర్లక్ష్యాన్ని ఓపీసీ కన్నా ఎక్కువ పట్టించుకుంటుంది, చెడేది కూడా సరిగ్గా పైనున్న కవర్ పొరే. కోడ్ బ్లెండెడ్ సిమెంటుకు కనీసం 10 రోజులంటోంది. మీరు 14 రాయండి, సముద్రపు నీటితో క్యూరింగ్ చేయరాదని కూడా రాయండి. చెప్పనవసరం లేదనుకుంటారు కానీ జెట్టీ మీద చేతికందే నీళ్లు అవే.

---

తీరరేఖ రాశారు:

అందరికీ ధన్యవాదాలు. ఆటుపోట్లు, తుంపర జోన్‌కు సవరించిన క్లాజు ఇది, చూడండి:

"గ్రేడు ఎం45, ట్రయల్ మిక్స్ ఫలితాలను బట్టి ఇంజనీరు ఖరారు చేస్తారు, ఎం40 కి తగ్గరాదు. బైండర్‌లో స్లాగ్ 50 నుంచి 70 శాతం. మొత్తం బైండర్ 380 కిలోలకు తగ్గరాదు, 450 మించరాదు. మొత్తం స్వేచ్ఛా నీరు, మొత్తం బైండర్ల నిష్పత్తి 0.40 మించరాదు, ఇసుక, కంకర పైతేమ, మందుల్లోని నీరు ఇందులో కలిపి లెక్కించాలి. మిక్స్ ఆమోదానికి వేగవంతమైన క్యూరింగ్‌తో 28 రోజులకు మూడు బిళ్లల ఆర్‌సీపీటీ సగటు 1,000 మించరాదు. పోత సమయంలో 500 ఘనపు మీటర్లకు ఒక శాంపిలు, అదే పద్ధతి, అదే సగటు. ఏ ఒక్క బిళ్లా 1,300 మించరాదు. సగటు 1,000 కి 1,300 కి మధ్య వస్తే మామూలు నీటి క్యూరింగ్‌లోని నిల్వ స్పెసిమెన్లను 90 రోజులకు పరీక్షించాలి. కవర్ ఎక్కడ కొలిచినా 75 మి.మీ.కు తగ్గరాదు. మంచినీటితో తడి క్యూరింగ్ 14 రోజులు."

90 రోజులకు కూడా రాకపోతే ఏం చేయాలో ఇంకా తేలలేదు. బిల్లులో కోత పెట్టనా, సిలేన్ పూత అడగనా?

---

కూలూంబు రాశారు:

ఆ పోత ఉన్న భాగంలో కొలిచిన కవర్‌ను, వచ్చిన అంకెను కలిపి ఆయుష్షు లెక్క మళ్లీ వేయించాలని రాయండి. 75 బదులు 82 వచ్చిన చోట కాస్త ఎక్కువ ఆర్‌సీపీటీని ఒప్పుకోవచ్చు. సరిపోకపోతే సిలేన్.

---

కవర్‌బ్లాకు రాశారు:

నేను ఒప్పుకోను. సిలేన్‌కు జీవితకాలం ఉంది, మళ్లీ మళ్లీ వేయాలి. ఆటుపోట్ల జోన్‌లో కాంక్రీటు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, సిలేన్ పీల్చుకోవాలంటే పొడిగా ఉండాలి. బీముల వైపు పనిచేస్తుందేమో కానీ పైల్స్‌కు అది కాగితం మీది పరిష్కారం. కోత కూడా అంతే, మీరు డబ్బు దాచుకుంటారు, ఉప్పు మాత్రం లోపలికి వెళుతూనే ఉంటుంది.

---

మిక్స్‌మేస్త్రి రాశారు:

కోత వద్దన్నదాంతో ఏకీభవిస్తాను. కానీ ఆయుష్షు లెక్కకు ఎవరి మోడల్, కాంక్రీటు కాలంతో ఎంత బిగుసుకుంటుందో చెప్పే ఏజింగ్ ఫ్యాక్టరు ఎంత వాడాలో టెండరులోనే రాయాలి. ఆ ఒక్క అంకె కొద్దిగా మారిస్తే 40 ఏళ్లు 80 అవుతుంది, ఫెయిలైన వాళ్లు ఎప్పుడూ 80 ఇచ్చే అంకెనే తెస్తారు. @తీరరేఖ గారూ, పైల్ క్యాపు మందం ఎంత? మీటరు దాటితే పై క్లాజుకు లోపలి ఉష్ణోగ్రత హద్దు కూడా కలపాలి, 450 కిలోల దగ్గర అది నాకు నమ్మకంగా లేదు.

---

తీరరేఖ రాశారు:

1.6 మీటర్లు. అయితే గరిష్ఠ బైండర్‌ను 420 కి దించి, స్లాగ్ కనీసం 60 శాతం చేసి, థర్మోకపుల్స్ పెట్టిన ఒక ట్రయల్ బ్లాకు పోయించమని రాస్తాను. ఏజింగ్ ఫ్యాక్టరు గురించి ఇంకా ఎవరి దగ్గరైనా టెండరులో వాడిన వాక్యం ఉంటే ఇక్కడ పెట్టండి.